నీళ్లు తప్పిన వారం, నల్లబడిన కాయ

టమాటా కాయను తొడిమ వైపు నుంచి చూస్తే ఏ లోపమూ కనిపించదు. నున్నగా, నిండుగా, రంగు తిరగడానికి సిద్ధంగా ఉంటుంది. తిప్పి అడుగు చూస్తేనే తెలుస్తుంది, పువ్వు రాలిన చోట రూపాయి బిళ్లంత నల్లమచ్చ, లోపలికి కుంగి, ఎండిన తోలులా గట్టిపడి ఉందని. మదనపల్లె, గుర్రంకొండ, ములకలచెరువు వైపు వేసవి పంట కోతకొచ్చే రోజుల్లో కాయ కోసిన చెయ్యి దాన్ని ఒకసారి తిప్పి చూడకుండా బాక్సులో వెయ్యదు. మచ్చ ఉన్న కాయను మార్కెట్లో ఎవరూ కొనరు. అది సాళ్ల మధ్యే రాలిపోతుంది.

రైతులు దీన్ని అడుగు కుళ్ళు అంటారు, నల్లమచ్చ అంటారు. వ్యవసాయ శాస్త్రవేత్తలు బ్లాసమ్ ఎండ్ రాట్ అంటారు. పేరులో కుళ్ళు ఉండటంతో మొదట అందరికీ తెగులే గుర్తొస్తుంది. మచ్చ మీద నల్లటి బూజు కూడా కనిపిస్తే ఇక అనుమానమే ఉండదు. మందుల దుకాణానికి వెళ్లి శిలీంద్రనాశిని తెచ్చి కొడతారు. ఆ బూజు నిజమైనదే కానీ ఆలస్యంగా వచ్చింది. అప్పటికే చచ్చిన కండ మీద అది బతుకుతోంది. ఆ కండను చంపినది శిలీంద్రమూ కాదు, బాక్టీరియా కాదు, వైరసూ కాదు. కాయ చిన్నగా ఉన్నప్పుడు ఆ కొసకు కాల్షియం చాలినంత అందలేదు. అందకపోవడానికి కారణం చాలాసార్లు నేలలో కాదు, నీళ్లు పెట్టిన తీరులో ఉంటుంది.

కొరత ఎక్కడ?

కాల్షియం అందలేదు అనగానే పొలంలో కాల్షియం లేదనుకోవడం సహజం. చిన్న లెక్క వేస్తే అది ఎంత దూరమో తెలుస్తుంది. వంద గ్రాముల టమాటాలో ఉండే కాల్షియం సుమారు 10 మిల్లీగ్రాములు. అంటే 80 గ్రాముల కాయకు కావలసింది 8 మిల్లీగ్రాములు. మొక్కకు నలభై కాయలు కాసినా మొత్తం 320 మిల్లీగ్రాములు, గ్రాములో మూడో వంతు. ఇప్పుడు బోరు నీళ్ల సంగతి చూద్దాం. రాయలసీమ బోర్లలో చాలావాటి నీళ్లు ఉప్పదనం, గట్టిదనం ఉన్నవే. గిన్నెలో కాచినప్పుడు తెల్లటి పొర కట్టే నీళ్లలో లీటరుకు 60 మిల్లీగ్రాముల కాల్షియం ఉండటం విశేషమేమీ కాదు. ఆ లెక్కన ఐదారు లీటర్ల నీళ్లలో మొక్క మొత్తం కాపుకు సరిపడే కాల్షియం ఉంది. నిండు వేసవిలో బాగా పెరిగిన టమాటా మొక్క ఆ నీళ్లను రెండు మూడు రోజుల్లో తాగేస్తుంది.

మరి ఆ కాల్షియం అంతా ఎటు పోతోంది? ఆకుల్లోకి. టమాటా ఆకును ఎండబెట్టి పరీక్షిస్తే బరువులో రెండు మూడు శాతం కాల్షియమే ఉంటుంది. కాయను అలాగే ఎండబెట్టి చూస్తే 0.2 శాతం దాటడం కష్టం. ఒకే వేరు, ఒకే కాండం, ఒకే నీరు. ఆకుకూ కాయకూ మధ్య తేడా పది రెట్లకు పైనే. అడుగు కుళ్ళు కథంతా ఈ పది రెట్ల తేడాలోనే ఉంది.

ఒకే దారిన పోయే బండి

మొక్క లోపల సరుకులు తిరగడానికి రెండు రకాల గొట్టాలున్నాయి. వేరు నుంచి పైకి నీటినీ, అందులో కరిగిన లవణాలనూ మోసుకుపోయేవి దారునాళాలు. ఆకులో తయారైన చక్కెరను వేరుకూ, మొగ్గకూ, కాయకూ చేరవేసేవి పోషక నాళాలు. నత్రజని, పొటాషియం, భాస్వరం లాంటివి రెండింటిలోనూ ప్రయాణం చేస్తాయి. ముదురాకులో మిగులు ఉంటే దాన్ని మొక్క పోషక నాళాల ద్వారా వెనక్కి తీసుకుని లేతాకుకు ఇస్తుంది. కాల్షియానికి ఆ వీలు లేదు. పోషక నాళాల్లో అది దాదాపుగా కదలదు. దారునాళాల్లో నీటితోపాటు పైకి వెళ్లి ఎక్కడ దిగితే అక్కడే స్థిరపడిపోతుంది. ఆకులోకి వెళ్లిన కాల్షియం ఆకుదే. పక్కనే వేలాడే కాయ ఎంత అల్లాడినా అందులోంచి చిటికెడు కూడా బయటికి రాదు.

దారునాళాల్లో నీటిని పగలు పైకి లాగేది ఆకుల ఆవిరి. ఆకు అడుగున ఉన్న పత్రరంధ్రాల గుండా నీరు ఆవిరవుతున్న కొద్దీ కింది నుంచి కొత్త నీరు వస్తుంది, దానితో కాల్షియమూ వస్తుంది. ఎవరు ఎక్కువ ఆవిరి వదిలితే వారికి ఎక్కువ కాల్షియం. టమాటా కాయ చర్మం మీద పత్రరంధ్రాలే ఉండవు, పైగా మైనపు పూత ఉంటుంది. కాయ వదిలే ఆవిరి చాలా తక్కువ. అందుకే దారునాళాల నీటిలో దాని వాటా కూడా తక్కువే.

అలాగైతే కాయలో అంత రసం ఎలా వచ్చింది? ఇంగ్లండ్‌లో లిటిల్‌హాంప్టన్‌లోని గ్లాస్‌హౌస్ పంటల పరిశోధనా సంస్థలో ఎల్.సి. హో, ఆయన సహచరులు ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. 1987లో వాళ్లు ప్రకటించిన లెక్కల ప్రకారం కాయలోకి వచ్చే నీటిలో 85 శాతానికి పైగా పోషక నాళాల గుండా, చక్కెరతో కలిసి వస్తుంది. అంటే కాయను ఉబ్బించే నీరు ఒక దారిన వస్తుంటే, కాయ కణాలను కట్టి ఉంచే కాల్షియం వేరే దారిన, సన్నటి ధారగా వస్తోంది. మొదటి దారి జోరందుకుని రెండోది మందగించినప్పుడు కాయ పెద్దదవుతుంది కానీ దానిలోని కాల్షియం పలచబడుతుంది.

ఇక కాయ లోపల కూడా అన్ని చోట్లా ఒకే తీరు కాదు. దారునాళాలు తొడిమ దగ్గర దట్టంగా ఉండి, పువ్వు రాలిన కొస వైపు వెళ్లేకొద్దీ పలచబడతాయి. కాయ ఉబ్బుతున్న కొద్దీ ఆ సన్నటి నాళాలు సాగి కొన్ని తెగిపోతాయి కూడా. కాలువ కింద చివరి ఆయకట్టు రైతుకు తెలిసిన కష్టమే ఇది. కాలువ నిండుగా పారిన రోజున ఆయన మడికీ నీరొస్తుంది, ఒక్క అడుగు తగ్గితే పైవాళ్లకు సరిపోయి ఆయన దగ్గర ఆగిపోతుంది. కాయలో చివరి మడి ఆ కొసే.

కాల్షియం అక్కడ చేసే పని రెండు రకాలు. పక్కపక్క కణాల గోడల మధ్య ఉండే పెక్టిన్‌ను అది బిగించి ఉంచుతుంది. కణపొరలు కారిపోకుండా కాపాడుతుంది. అది తగ్గితే పొరలు వదులై కణంలోని రసం బయటికి ఊరుతుంది. మొదట కనిపించే గుర్తు కూడా అదే. నిమ్మకాయంత ఉన్న పచ్చికాయ కొస దగ్గర చిన్న తడిమచ్చ, నీటిలో నానినట్టు. రెండు మూడు రోజుల్లో అది గోధుమ రంగుకు, తరువాత నలుపుకు తిరుగుతుంది. కాయ పెరుగుతుంటే మచ్చా పెరుగుతుంది. ఒక్కోసారి బయట మచ్చే లేకుండా లోపల గింజల చుట్టూ మాత్రమే నల్లబడుతుంది. అలాంటి కాయ వంటింట్లో కోసినప్పుడే బయటపడుతుంది.

ప్రమాదం ఉన్నది పువ్వు విచ్చుకున్నాక సుమారు రెండు వారాల వరకు. ఆ రోజుల్లో కొత్త కణాలు పుట్టడం తగ్గి, ఉన్నవి వేగంగా ఉబ్బడం మొదలవుతుంది. గోడలు, పొరలు సాగుతున్న కొద్దీ కాల్షియం అవసరమూ పెరుగుతుంది. ఆ గండం గడిచిన కాయకు తరువాత నీరు తప్పినా అడుగు కుళ్ళు రావడం అరుదు.

రాత్రి పూట జరిగే పని

పగలంతా ఆకులదే రాజ్యమైతే కాయకు వచ్చే ఆ కొద్ది కాల్షియం ఎప్పుడు వస్తోంది? అందులో మంచి భాగం రాత్రి పూట. చీకటి పడ్డాక పత్రరంధ్రాలు మూసుకుంటాయి, ఆవిరి ఆగుతుంది. కానీ వేళ్లు లవణాలను లోపలికి తోడుకుంటూనే ఉంటాయి. లవణాల వెంట నీరు చేరి వేళ్లలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి నీటిని కింది నుంచి పైకి తోస్తుంది. లాగేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆ నీరు అన్ని కొసలకూ, ఆవిరి వదలని కాయకు కూడా చేరుతుంది. బ్రిటన్‌లోని లాంగ్ ఆష్టన్ పరిశోధనా కేంద్రం నుంచి 1984లో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని చూపించింది. రాత్రి గాలిలో తేమ ఎక్కువగా ఉంచిన మొక్కల కాయల్లో కాల్షియం పెరిగింది.

ఈ ఒత్తిడి పనిచేస్తోందా లేదా అన్నది పొలంలోనే చూడవచ్చు. తెల్లవారుజామున టమాటా ఆకుల అంచుల వెంట వరుసగా చిన్న నీటి బొట్లు నిలబడి ఉంటే అవి మంచు బొట్లు కావు. మంచు ఆకంతా పరుచుకుంటుంది. అంచునే వరుసగా నిలిచినవి లోపలి నుంచి తోసుకొచ్చిన బొట్లు. నిన్నటి దాకా కనిపించినవి ఇవాళ లేకపోతే, ఆకు ఇంకా వాడకముందే వేళ్ల దగ్గర ఏదో తగ్గిందని అర్థం. గాలి బాగా పొడిగా ఉన్న రోజున వచ్చిన బొట్టు వెంటనే ఆరిపోతుంది కాబట్టి ఒక్క రోజు చూసి తేల్చుకోకూడదు.

నాలుగు రోజులు ఎండి, ఒక రోజు ముంచితే

ఇప్పుడు ఒక ఎకరం తీసుకుందాం. మదనపల్లె పక్కన ఎర్ర గరప నేల, బోరు, డ్రిప్పు. ఫిబ్రవరిలో నారు నాటారు. మార్చి 20 ప్రాంతంలో మొదటి గుత్తి పూసింది, 29కి రెండోది, ఏప్రిల్ 6కి మూడోది. ఇలాంటి నేలలో అడుగు లోతు మట్టి పట్టి ఉంచి మొక్కకు ఇవ్వగలిగిన నీరు సుమారు 30 మిల్లీమీటర్లు. ఏప్రిల్ ఎండలో, పొడి గాలిలో, చేను కమ్ముకున్నాక రోజుకు ఆరేడు మిల్లీమీటర్లు పోతాయి. అందులో సగం దాకా మొక్క తేలిగ్గా తీసుకుంటుంది, ఆ తరువాత మట్టి బిగపట్టుకుంటుంది. లెక్క వేస్తే నిండుగా తడిసిన నేల రెండు రోజులు హాయిగా గడుపుతుంది, మూడో రోజు మధ్యాహ్నానికి ఇబ్బంది మొదలవుతుంది.

ఏప్రిల్ 8న ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. బాగయి వచ్చేసరికి 12వ తేదీ.

మొదటి రెండు రోజులు పైకి ఏమీ తెలియలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆకులు వేలాడాయి, సాయంత్రానికి లేచాయి. చాలామంది ఈ దశలో పెద్ద నష్టమేమీ లేదనుకుంటారు. నేల లోపల మాత్రం మూడు పనులు ఒకేసారి ఆగుతున్నాయి. కాల్షియం వేరు దగ్గరికి వచ్చేది ప్రధానంగా మట్టిలో కదిలే నీటితోనే. నీరు తగ్గి మట్టి రేణువుల చుట్టూ పలచటి పొరగా మిగిలాక ఆ కదలిక ఆగిపోతుంది. కాల్షియాన్ని లోపలికి ఎక్కువగా తీసుకునేది వేరు మొత్తం కాదు, లేత కొసలు. ముదిరిన వేరు చుట్టూ ఏర్పడే మైనపు పొర దాన్ని అడ్డుకుంటుంది. ఎండిన మట్టిలో లేత కొసల పెరుగుదల ఆగి, అవి కూడా త్వరగా ముదురుతాయి. ఇక మూడోది రాత్రి ఒత్తిడి. తడి లేని నేల నుంచి వేరు నీటిని లాక్కోలేదు కాబట్టి అది కూడా లేదు. వచ్చే కొద్దిపాటి నీటినీ పగలు ఆకులే లాగేసుకుంటాయి.

12న కరెంటు రాగానే రైతు ఏం చేస్తాడు? నాలుగు రోజుల బాకీ తీర్చాలనుకుంటాడు. ఒక ఎకరంలో ఒక మిల్లీమీటరు నీరంటే నాలుగు వేల లీటర్లు. రోజుకు ఆరున్నర మిల్లీమీటర్ల చొప్పున నాలుగు రోజులకు లక్ష లీటర్ల పైమాటే. కరెంటు ఉన్నంత సేపూ మోటారు ఆడించి, మరునాడు మళ్లీ ఆడిస్తాడు. అడుగు లోతు మట్టి పట్టగలిగినంతే పడుతుంది. మిగిలినది కిందికి దిగుతూ తనతో నత్రజనిని కూడా తీసుకుపోతుంది. డ్రిప్పర్ల కింద మట్టి రంధ్రాల్లో గాలికి చోటుండదు. లవణాలను తోడుకోవడానికి వేళ్లకు శక్తి కావాలి, శక్తికి ఆక్సిజన్ కావాలి. ఎండకు దెబ్బతిన్న కొసలు ఇప్పుడు గాలి అందక మళ్లీ దెబ్బతింటాయి. నీరుంది, అందులో కాల్షియం ఉంది, తీసుకునే నోరు లేదు.

పైన మాత్రం మొక్క తేరుకుంది. ఆకులు నిటారుగా నిలిచి చక్కెర తయారు చేస్తున్నాయి. ఆ చక్కెరా, దానితో వచ్చే నీరూ పోషక నాళాల గుండా కాయల్లోకి దూకుతాయి. నాలుగు రోజులు పెరగని కాయ ఒక్కసారిగా ఉబ్బుతుంది. కణాలు సాగుతున్నాయి, వాటిని బిగించే కాల్షియం రాలేదు. కొస దగ్గర పొరలు వదులవుతాయి. ఎండిన నాలుగు రోజులు కాల్షియాన్ని ఆపితే, ముంచిన ఒక్క రోజు అవసరాన్ని పెంచింది. ఎండబెట్టడం ఒక్కటే అయినా, తడి ఎక్కువ కావడం ఒక్కటే అయినా కొంత నష్టం జరిగేది. ఒకదాని వెంట ఒకటి వచ్చినందువల్ల నష్టం పెద్దదైంది.

మచ్చలు కనిపించేది అప్పుడు కాదు. ఏప్రిల్ 20 దాటాక, నీళ్లు సక్రమంగా సాగుతున్న రోజుల్లో. అందుకే కారణం దొరకదు. అంతకు ముందు రోజు కొట్టిన మందు మీదో, కొత్తగా కొన్న విత్తనం మీదో అనుమానం పోతుంది.

గుత్తులు చెప్పే సాక్ష్యం

ఆ చేనులోకి వెళ్లి గుత్తులను కింది నుంచి పైకి చూస్తే జరిగిందేమిటో తేదీలతో సహా తెలుస్తుంది. కరెంటు పోయిన రోజుకు మొదటి గుత్తి పూసి 19 రోజులైంది. గండం దాదాపుగా గడిచింది. అందులో మచ్చలు అక్కడక్కడా మాత్రమే ఉంటాయి. రెండో గుత్తి పూసి పది రోజులు. దాని కాయలు గోళీ దాటి నిమ్మకాయ వైపు పెరుగుతున్నాయి. దెబ్బ అక్కడే పడింది. మూడోది అప్పుడే పూసింది, పిందెలు ఇంకా ఉబ్బడం మొదలుపెట్టలేదు. అది చాలావరకు శుభ్రంగా ఉంటుంది. ఒకే వయసు కాయలన్నీ చేను మొత్తం మీద దెబ్బతిని, వాటికి పైనా కిందా ఉన్నవి బాగుంటే అది నీటి తేడా సంతకం. మచ్చ కనిపించిన రోజు నుంచి పది పన్నెండు రోజులు వెనక్కి లెక్కపెట్టి ఆ వారం ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి.

దీన్ని మిగతా జబ్బుల నుంచి వేరు చేసేది కూడా ఈ క్రమమే. శిలీంద్ర తెగులు ఒక మూలన మొదలై పక్క మొక్కలకు పాకుతుంది, బాక్సులో పక్క కాయకు కూడా అంటుతుంది. అడుగు కుళ్ళు అంటదు. వానల తరువాత నేలను తాకిన కాయల మీద వలయాలు వలయాలుగా వచ్చే గోధుమ మచ్చ వేరే తెగులు. అది కాయ మట్టిని తాకిన వైపు వస్తుంది, కొసకే పరిమితం కాదు. ఎండదెబ్బ కాయకు సూర్యుడి వైపున తెల్లటి, కాగితంలాంటి మచ్చగా ఉంటుంది. కాయతొలుచు పురుగు చేసిన రంధ్రం చూడగానే తెలుస్తుంది. మచ్చ సరిగ్గా పువ్వు రాలిన చోట మొదలై, పొడిగా, తోలులా ఉండి, ఆకులు ఆరోగ్యంగా ఉంటే మందుల దుకాణానికి పని లేదు.

మచ్చ పడ్డ కాయ మళ్లీ బాగుపడదు. దాన్ని కోసి పారెయ్యడమే మేలు, అది తినే చక్కెర మిగతా కాయలకు దక్కుతుంది. చెయ్యవలసినదంతా ఇంకా పిందె దశలో ఉన్న గుత్తుల కోసం.

నీటిని నిలకడగా ఇవ్వడం

ఆ ఎర్ర నేలలో మూడు నాలుగు రోజులకొకసారి నిండుగా పారించే బదులు, పూత మొదలైన దగ్గర నుంచి రోజూ ఆ రోజుకు సరిపడినంత ఇవ్వడం మంచిది. నల్లరేగడిలో మట్టి ఎక్కువ నీరు పట్టి ఉంచుతుంది కాబట్టి రెండు మూడు రోజుల ఎడం ఫర్వాలేదు, అక్కడ భయం నీరు నిలవడం గురించే. ఎంత ఇచ్చారన్నది మోటారు ఆడిన గంటల్లో కాదు, వేళ్లున్న లోతులో చూడాలి. డ్రిప్పర్‌కు జానెడు దూరంలో అరడుగు లోతు మట్టి తీసి పిడికిట బిగిస్తే ముద్ద కట్టాలి, అరచేతికి తడి మాత్రం కారకూడదు. పొడిగా రాలిపోతే ఆలస్యమైంది, బురదగా అంటుకుంటే ఎక్కువైంది.

మొక్కల కింద మల్చింగ్ షీటు పరిస్తే మట్టి పైనుంచి ఆవిరయ్యే నీరు ఆగుతుంది. రెండు తడుల మధ్య తేమ తగ్గే వేగం మందగించి, కరెంటు పోయినప్పుడు ఒక రోజు గడువు దొరుకుతుంది. ఎత్తు బోదెల మీద నాటితే అనుకోని వాన పడ్డప్పుడు వేళ్ల దగ్గర నీరు నిలవదు. నీటికుంట ఉన్నవారికి ట్రాన్స్‌ఫార్మర్ కాలినా చిన్న డీజిల్ ఇంజనుతో తడి ఇచ్చే వీలుంటుంది. ఏదీ లేక చేను ఎండిపోతే, నీరు వచ్చాక బాకీ అంతా ఒకే రోజు తీర్చకూడదు. పొద్దున కొంత, సాయంత్రం కొంత చొప్పున రెండు మూడు రోజుల్లో నేలను మామూలు తేమకు తీసుకురావాలి.

ఎరువు కూడా ఇందులో భాగమే. యూరియా, అమ్మోనియం సల్ఫేట్ లాంటివి ఎక్కువైతే అమ్మోనియం రూపంలో ఉన్న నత్రజని వేరు దగ్గర కాల్షియంతో పోటీ పడుతుంది. పొటాష్ అతిగా వేసినా అంతే. పైగా నత్రజని ఎక్కువైన మొక్క గుబురుగా ఆకు వేస్తుంది, ఆ ఆకులే కాల్షియాన్ని ఎక్కువగా లాగుతాయి. పిందె దశలో నత్రజనిని కాల్షియం నైట్రేట్ రూపంలో డ్రిప్పు ద్వారా ఇవ్వడం అందుకే మంచిది. ఒక జాగ్రత్త తప్పదు. దాన్ని భాస్వరం ఎరువుతోగానీ, సల్ఫేట్ ఉన్న ఎరువుతోగానీ ఒకే ట్యాంకులో కలిపితే తెల్లటి మడ్డి ఏర్పడి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. భూసార పరీక్షలో నిజంగానే కాల్షియం తక్కువని తేలితే వెయ్యడానికి జిప్సం ఉంది, నేల ఆమ్లంగా ఉంటే సున్నం ఉంది.

ఆకుల మీద కాల్షియం పిచికారీ గురించి ఆశ ఎక్కువగా ఉంటుంది. కాల్షియం క్లోరైడు లీటరుకు 5 గ్రాముల చొప్పున కొట్టమని సిఫార్సులున్నాయి. అయితే ఆకు మీద పడినది ఆకులోనే ఉండిపోతుందన్న సంగతి ఇక్కడా వర్తిస్తుంది. మందు పిందె మీద, దాని కొస మీద పడితేనే ఉపయోగం, అదీ మైనపు పూత గట్టిపడకముందు. గుబురు ఆకుల పైనుంచి కొట్టి వెళ్లిపోతే ఖర్చు తప్ప మిగిలేదేమీ లేదు. మిట్టమధ్యాహ్నం కొట్టినా, మోతాదు పెంచినా ఆకు అంచులు మాడతాయి.

కాల్షియమే మొత్తం కథా?

1940ల్లో అమెరికాలో పోషక ద్రావణాల్లో టమాటా పెంచి చేసిన ప్రయోగాలతో కాల్షియం పేరు ఈ సమస్యతో ముడిపడింది. అప్పటి నుంచి అందరూ దాన్నే నమ్ముకున్నా, లెక్క కుదరని సందర్భాలు మిగిలే ఉన్నాయి. ఇంతకంటే తగ్గితే మచ్చ వస్తుంది, పెరిగితే రాదు అని చెప్పగల ఒక్క అంకె ఇప్పటికీ లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు 2011లో ఒక వింత సంగతి చూపారు. కణంలోని కోశంలోకి కాల్షియాన్ని ఎక్కువగా నెట్టేలా జన్యుమార్పు చేసిన టమాటా కాయల్లో మొత్తం కాల్షియం పెరిగినా అడుగు కుళ్ళు తగ్గలేదు, ఇంకా పెరిగింది. కాల్షియం కణం లోపల దాక్కుని, గోడకూ పొరకూ అందలేదు. కాబట్టి కాయలో ఎంత ఉంది అన్నది ఒక్కటే చాలదు, కణంలో ఎక్కడ ఉంది అన్నదీ లెక్కలోకి వస్తుంది. అసలు నీటి ఒత్తిడి వంటి బాధలే మొదట కణపొరలను దెబ్బతీస్తాయని, కాల్షియం తగ్గడం దాని వెంట వచ్చేదని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఈ వాదం ఎటు తేలినా రైతు చెయ్యవలసిన పని మారదు. రెండు దారుల్లోనూ నీటి ఎగుడుదిగుళ్లే ముందు నిలబడతాయి.

నీరు నిలకడగా ఇచ్చినా మచ్చ పూర్తిగా పోదు. చెర్రీ టమాటాలకు ఇది దాదాపుగా రాదు, పొడవాటి కోలకాయ రకాలకు ఎక్కువ. వడగాలులు వీచే వారంలో మట్టిలో తడి ఉన్నా ఆకులు లాగేసేది లాగేస్తాయి.

హైదరాబాద్, విజయవాడ మిద్దె తోటల్లో ఇదే సమస్య ఇంకా తీవ్రంగా కనిపిస్తుంది. అడుగు వెడల్పు గ్రో బ్యాగులో మట్టి కొద్దిగానే పడుతుంది. ఏప్రిల్ ఎండలో పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి అయిపోతాయి. ఆఫీసు నుంచి వచ్చి సాయంత్రం నిండా పోస్తారు. పొలంలో నాలుగు రోజులకు జరిగే ఎగుడుదిగుడు ఇక్కడ రోజూ జరుగుతుంది. కుండీ పెద్దది చెయ్యడం, పొద్దునా సాయంత్రం కొద్దికొద్దిగా పోయడం, మధ్యాహ్నం ఎండకు షేడ్ నెట్ కట్టడం పనిచేస్తాయి. గుడ్డు పెంకుల పొడి పనిచెయ్యదు. అది కరిగి వేరుకు అందేసరికి ఆ కాపు అయిపోతుంది. కొబ్బరి పొట్టు ఎక్కువగా కలిపిన కుండీల్లో మాత్రం నిజమైన కాల్షియం కొరతే ఉండవచ్చు. శుద్ధి చెయ్యని పొట్టు కాల్షియాన్ని తనలో పట్టుకుని బదులుగా పొటాషియం, సోడియం వదులుతుంది. ముందే కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి కడిగిన పొట్టు వాడితే ఆ బాధ తగ్గుతుంది.

పొలంలోనైనా మిద్దె మీదైనా ఒక సంగతి మరచిపోకూడదు. ఆ ఎకరంలో మూడో గుత్తి ఎలాగూ శుభ్రంగా వచ్చేదే. రెండో గుత్తిలో మచ్చలు చూసి కంగారుపడి ఏప్రిల్ 22న ఏ మందు కొట్టినా, పది రోజుల తరువాత మూడో గుత్తి కాయలు నున్నగా కనిపించి ఆ మందుకు పేరొస్తుంది. పక్క రైతు కూడా అదే కొంటాడు. దాని పని నిజంగా ఏమిటో తెలుసుకోవాలంటే పిచికారీ చేసేటప్పుడు చేను మధ్యలో ఒక సాలు కొట్టకుండా వదిలి, దానికి గుర్తుగా ఒక కర్రకు గుడ్డ కట్టి, కోతప్పుడు ఆ సాలు కాయలను విడిగా తిప్పి చూడాలి.